సమాధానం సరిపోయిన చోట దాగిన లోపం: ఒక కేబుల్ లెక్క, ఒక తీగ లెక్క

ఒడిశా సరిహద్దున రాయగడ జిల్లా గుణుపూర్‌లో ప్లస్ టూ సైన్సు పిల్లలకు నేను గణితం చెబుతున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది ఇంట్లో తెలుగు, బయట ఒడియా మాట్లాడుతూ, పరీక్ష మాత్రం ఇంగ్లిషులో రాసేవారు. అందువల్ల తరగతిలో మేము ‘డెరివేటివ్’, ‘ఎండ్ పాయింట్’ అనే అంటాం. పార్వతీపురం, పాలకొండ వైపు ఇంటర్మీడియట్ తెలుగు మాధ్యమంలో చదివిన బంధువుల పుస్తకాల్లో ఉండే అవకలజం, సందిగ్ధ బిందువు, అంత్య బిందువు అన్న మాటలనే ఇక్కడ వాడుతున్నాను. గరిష్ఠ, కనిష్ఠ విలువలు కనుక్కోమనే పద సమస్యల జవాబులు దిద్దేటప్పుడు నేను కొంతకాలం చేసిన ఒక పొరపాటు ఎలా బయటపడిందో, దాని తరువాత నా దిద్దుబాటు ఎలా మారిందో రెండు లెక్కల ఆధారంగా వివరిస్తాను.

మొదటి లెక్క మా ఊరి పక్కనే పారే వంశధారను మనసులో పెట్టుకుని తయారు చేసినది. అంకెలు మాత్రం లెక్క సులువుగా తెగడానికి ఎంచుకున్నవే గాని నది కొలతలు కావు. నదికి ఒక ఒడ్డున పంపుహౌసు ఉంది. నది వెడల్పు 120 మీటర్లు. అవతలి ఒడ్డున, పంపుహౌసుకు సరిగ్గా ఎదురుగా ఉన్న చోటు నుంచి దిగువకు 200 మీటర్ల దూరంలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. నీటి అడుగున కేబుల్ వేయడానికి మీటరుకు 500 రూపాయలు, ఒడ్డు వెంబడి వేయడానికి మీటరుకు 300 రూపాయలు అవుతుంది. పంపుహౌసు నుంచి నీటిలో ఏటవాలుగా వెళ్ళే కేబుల్ అవతలి ఒడ్డును ఏ చోట తాకితే మొత్తం ఖర్చు అతి తక్కువ అవుతుంది? ఎదురు చోటు నుంచి ఆ తాకే బిందువు వరకు ఉన్న దూరాన్ని x అనుకుంటే ఖర్చు ఇలా వస్తుంది.

```
C(x)  = 500√(14400 + x²) + 300(200 − x)
C'(x) = 500x / √(14400 + x²) − 300
```

అవకలజాన్ని సున్నాకు సమానం చేస్తే 16x² = 129600, అంటే x = 90 వస్తుంది. అప్పుడు నీటి కింది కేబుల్ సరిగ్గా 150 మీటర్లు, ఒడ్డు మీద 110 మీటర్లు, ఖర్చు 1,08,000 రూపాయలు. ఈ లెక్క ఇచ్చిన మొదటిసారి దాదాపు అందరూ ఇక్కడిదాకా శుభ్రంగా చేసి, కింద గీత గీసి సమాధానం రాసేశారు. ద్వితీయ అవకలజం కనుక్కున్నవారు కొద్దిమందే. అంత్య బిందువులు x = 0, x = 200 దగ్గర ఖర్చు చూసినవారు ఎవరూ లేరు. ఆ రెండు చోట్లా ఖర్చు వరుసగా 1,20,000, సుమారు 1,16,619 రూపాయలు వస్తుంది కనుక 90 దగ్గర వచ్చినదే నిజంగా కనిష్ఠం. సమాధానం సరైనదే కదా అని నేను అందరికీ పూర్తి మార్కులు వేశాను. జవాబులో రెండు మెట్లు లేవని ఆ రోజే నాకు తెలుసు. అయినా వాటికి మార్కు తగ్గించడం పిల్లలను సతాయించడమవుతుందని అనుకున్నాను.

మరుసటి ఏడు అదే లెక్కలో ఒక్క అంకె మార్చాను. ట్రాన్స్‌ఫార్మర్ దూరం 200 బదులు 60 మీటర్లు అని రాశాను. అంతకు ముందు ఏడాది జవాబులు కొత్త పిల్లల చేతికి అందాయని విని, యథాతథంగా దించకుండా ఉండాలన్నది తప్ప నాకు వేరే ఉద్దేశం లేదు. జవాబులు దిద్దడం మొదలుపెట్టాక, వరుసగా వస్తున్న 66,000 రూపాయలు అన్న సమాధానం చూసి, నేనే విడిగా లెక్క చేసుకోవలసి వచ్చింది.

ఈ జవాబులు ఎలా వచ్చాయో దగ్గరగా చూద్దాం. ప్రమేయంలో 200 స్థానంలో 60 చేరింది. 300 × 60 అన్న పదం స్థిరాంకం కనుక అవకలనం చేయగానే పోతుంది. కాబట్టి C'(x) పాత లెక్కలో ఎలా ఉందో కొత్త లెక్కలోనూ అక్షరం మారకుండా అలాగే ఉంటుంది. సందిగ్ధ బిందువు మళ్ళీ 90 వస్తుంది. ఈ లెక్కల్లో అన్నిటికన్నా ముఖ్యంగా గ్రహించవలసిన విషయం నా దృష్టిలో ఇదే. ట్రాన్స్‌ఫార్మర్ ఎంత దూరంలో ఉందో అవకలజానికి తెలియదు. ఆ సంగతి తెలిసినది x తిరగగల అంతరానికి, అంటే 0 ≤ x ≤ 60 అన్న షరతుకు మాత్రమే. ఆ షరతు కాగితం మీద లేకపోతే 90 అన్న అంకెను ఆపేది ఇంకేదీ ఉండదు.

పైగా ద్వితీయ అవకలజ పరీక్ష కూడా ఇక్కడ కాపాడలేదు. జాగ్రత్తగల ఒక విద్యార్థి దాన్ని పూర్తిగా చేశాడు.

```
C''(x) = 7200000 / (14400 + x²)^(3/2)
```

x = 90 దగ్గర ఇది సుమారు 2.13, ధనాత్మకం. ‘కనుక కనిష్ఠం’ అని రాసి, 500 × 150 + 300 × (−30) = 66,000 అని ముగించాడు. అవకలనం, పరీక్ష, కూడిక తీసివేత అన్నీ ఒప్పే. ఆ రుణ 30 ఒక్కటే అడ్డంగా నిలబడి ఉంది. అది ఒడ్డు మీద వేయవలసిన కేబుల్ పొడవు. పొడవు రుణాత్మకం కావడమంటే 9,000 రూపాయలు ఎవరో మనకు తిరిగి ఇస్తున్నట్టు లెక్క. అతణ్ణి పిలిచి, నది గీసి ట్రాన్స్‌ఫార్మర్‌ను 60 దగ్గర, కేబుల్ ఒడ్డు తాకే చోటును 90 దగ్గర గుర్తు పెట్టమన్నాను. గీసి, కాసేపు చూసి, “మాస్టారూ, కేబులు ట్రాన్స్‌ఫార్మర్ దాటిపోయి మళ్ళీ ఎనక్కి రావాలేటి?” అన్నాడు. వెనక్కి వచ్చే ఆ 30 మీటర్లకు ఎంతవుతుందని అడిగాను. 9,000 కలపాలి గాని తీసెయ్యకూడదని తనే చెప్పి, 84,000 అని రాశాడు. ఏటవాలు ఏమీ లేకుండా తిన్నగా నది దాటి ఒడ్డు వెంబడి వెళ్ళినా 78,000 రూపాయలే అవుతుంది. కనిష్ఠమని నిరూపించిన చోటు నిజానికి అంతకన్నా ఖరీదైనదని తేలింది.

అసలు జవాబు ఏమిటంటే, 0 నుంచి 60 వరకు ఉన్న అంతరంలో C'(x) ఎక్కడా సున్నా కాదు. x = 60 దగ్గర కూడా దాని విలువ సుమారు −76.4, అంటే ఖర్చు ఆ అంతరమంతటా తగ్గుతూనే వస్తుంది. కాబట్టి కనిష్ఠం కుడి అంత్య బిందువు x = 60 దగ్గరే, ఖర్చు సుమారు 67,082 రూపాయలు. కేబుల్ నీటిలోనే ఏటవాలుగా తిన్నగా ట్రాన్స్‌ఫార్మర్‌కు పోవాలి. పిల్లలు రాసిన 66,000 ఈ నిజమైన కనిష్ఠం కన్నా తక్కువ. అంటే ఏ విధంగా కేబుల్ వేసినా సాధ్యం కాని ఖర్చు. అంతరంలో ఏ x తీసుకుని చూసినా 67,082 కన్నా తక్కువ రాదని రెండు మూడు విలువలు వేసి చూపితే, అంతకన్నా తక్కువ వచ్చిన జవాబు అంతరం బయటి నుంచే వచ్చి ఉండాలని పిల్లలు తేలిగ్గానే పట్టుకున్నారు.

మరొక విద్యార్థిని 300(60 − x) బదులు 300|60 − x| అని రాసి వచ్చింది. ఒడ్డు మీద ఏ వైపు వెళ్ళినా డబ్బు పడుతుంది కదా అన్నది ఆమె వాదన. అది చాలా మంచి ఆలోచన. అలా రాస్తే x = 60 అంత్య బిందువు కాదు, అవకలజం లేని సందిగ్ధ బిందువు అవుతుంది. దానికి ఎడమవైపు వాలు −76.4, కుడివైపు 523.6. రుణం నుంచి ధనానికి మారింది కనుక అక్కడ కనిష్ఠం. ద్వితీయ అవకలజం ఆ బిందువు దగ్గర లేనే లేదు, అయినా మొదటి అవకలజం గుర్తు మారడం సరిపోయింది. సందిగ్ధ బిందువంటే C' సున్నా అయ్యే చోటు మాత్రమే కాదని, C' లేని చోటు కూడా అని నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని సంగతి ఆమె రాసిన ఆ రెండు నిలువు గీతలతో తరగతికి ఎక్కింది.

ఇక రెండవ లెక్క. కేబుల్ లెక్కలో అంత్య బిందువులు చూడకపోవడం వల్ల నష్టం జరిగింది. ద్వితీయ అవకలజం చూడకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి నేను కావాలనే ఇంకో లెక్క ఇచ్చాను. 20 మీటర్ల తీగను రెండు ముక్కలు చేసి, ఒకదాన్ని చతురస్రంగా, రెండవదాన్ని వృత్తంగా వంచాలి. రెండింటి వైశాల్యాల మొత్తం గరిష్ఠం కావాలంటే ఎక్కడ కత్తిరించాలి? పాఠ్యపుస్తకాల్లో ఈ లెక్క సాధారణంగా కనిష్ఠం కోసం అడుగుతారు. నేను ఆ ఒక్క మాటే మార్చాను. చతురస్రానికి వాడిన పొడవు x అయితే:

```
A(x)  = x²/16 + (20 − x)²/(4π)
A'(x) = x/8 − (20 − x)/(2π)
A''(x) = 1/8 + 1/(2π)
```

A' సున్నా అయ్యేది x = 80/(π + 4) దగ్గర, సుమారు 11.20 మీటర్లు. అక్కడ మొత్తం వైశాల్యం సుమారు 14.00 చదరపు మీటర్లు. ద్వితీయ అవకలజం సుమారు 0.284, ఎప్పుడూ ధనాత్మకమే. కాబట్టి 11.20 దగ్గర వచ్చేది కనిష్ఠం. ప్రశ్నలో గరిష్ఠం అడిగారు కనుక ‘గరిష్ఠ వైశాల్యం 14.00’ అని రాసినవారు, అడిగినదానికి సరిగ్గా ఎదురు కొసన ఉన్నదాన్ని సమాధానంగా ఇచ్చారు. తీగ మొత్తం చతురస్రానికి వాడితే 25, మొత్తం వృత్తానికి వాడితే సుమారు 31.83 వస్తుంది. వారు చెప్పిన గరిష్ఠానికి రెట్టింపు కన్నా ఎక్కువ.

ఈ కట్టలో నన్ను ఎక్కువ బాధ పెట్టింది ద్వితీయ అవకలజం రాయని జవాబులు కావు. ఒక అమ్మాయి జవాబులో A'' = 1/8 + 1/(2π) అని ముందు రాసి ఉంది. దాని మీద రబ్బరు రుద్దిన మరక కనిపిస్తోంది. ఆ మరక మీద −1/8 − 1/(2π) < 0 అని మళ్ళీ రాసి, ‘కనుక గరిష్ఠం’ అని ముగించింది. ఎందుకు చెరిపావమ్మా అని అడిగితే, “ప్రశ్నలో గరిష్ఠం అని ఉంది కదా మాస్టారూ, ప్లస్ వస్తే నాను ఎక్కడో తప్పు చేసేనేమో అనుకున్నాను” అంది. ఆమె లెక్క తప్పు చేయలేదు. లెక్క చెప్పినదాన్ని నమ్మలేదు. ప్రశ్నలో ఏ మాట ఉంటే దానికి తగిన గుర్తు చివర రావాలని మేమే ఇన్నాళ్ళూ అలవాటు చేశాము. ఎందుకంటే మేము ఇచ్చిన ప్రతి లెక్కలోనూ సందిగ్ధ బిందువు ఒక్కటే ఉండేది, అడిగినది అక్కడే దొరికేది.

ఆమె చెరిపిన ఆ ధనాత్మక గుర్తు నిజానికి దారి చూపుతోంది. A'' అంతరమంతటా ధనాత్మకమైతే వక్రం గిన్నెలాగ పైకి తెరుచుకుని ఉంటుంది. గిన్నెలో లోతైన చోటు మధ్యలో ఉండవచ్చు గాని ఎత్తైన చోటు ఎప్పుడూ అంచునే ఉంటుంది. కాబట్టి గరిష్ఠం కావాలంటే రెండు అంచులూ చూడాలి. వైశాల్యం పొడవు వర్గంతో పెరుగుతుంది కనుక తీగను పంచినకొద్దీ నష్టం. ఒకే చుట్టుకొలతకు చతురస్రం కన్నా వృత్తం ఎక్కువ చోటు మూస్తుంది కనుక రెండు అంచుల్లో వృత్తానిదే పైచేయి. ఒక విద్యార్థి గుర్తు సరిగ్గా చదివి, అంచులకు వెళ్ళి, x = 20 దగ్గర 25 చూసి అక్కడే ఆగిపోయాడు. సగం దారి నడిచాడు గాని, రెండవ కొస చూడకపోవడం వల్ల అతనికీ సమాధానం దక్కలేదు.

ఈ రెండు లెక్కల తరువాత నేను దిద్దే వరుస మారింది. జవాబు చివర ఉన్న అంకెను ఇప్పుడు మొదట చూడను. ప్రమేయం రాసిన వరుస పక్కన x ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని ఉందా, ఆ హద్దులు కథ నుంచి వచ్చాయా అన్నది మొదట చూస్తాను. తరువాత సందిగ్ధ బిందువు ఆ హద్దుల లోపల ఉందని ఒక్క మాటైనా రాశారా అని చూస్తాను. ఆ తరువాతే ద్వితీయ అవకలజం. అక్కడ కూడా గుర్తు మాత్రమే కాక, అది లెక్క నుంచి వచ్చిందా, ప్రశ్న నుంచి వచ్చిందా అని ఒకసారి నేనే అవకలనం చేసి పోల్చుకుంటాను. నేను ఇచ్చే 6 మార్కుల్లో ప్రమేయానికి, అంతరానికి కలిపి 2, సందిగ్ధ బిందువుకు 1, అది గరిష్ఠమో కనిష్ఠమో తేల్చినందుకు 1, అంత్య బిందువులతో పోల్చినందుకు 1, ప్రమాణాలతో సహా సమాధానానికి 1.

అయితే ఈ వరుసను గుడ్డిగా పట్టుకుంటే పిల్లలకు అన్యాయం జరిగే చోట్లు ఉన్నాయి. ప్రమేయం అవిచ్ఛిన్నమై, అంతరం రెండు కొసలతో సహా మూసి ఉన్నప్పుడు, అన్ని సందిగ్ధ బిందువుల దగ్గర, రెండు కొసల దగ్గర విలువలు రాసి పోల్చితే అదే పూర్తి నిరూపణ. అక్కడ ద్వితీయ అవకలజం రాయలేదని మార్కు తీసేయడం తప్పు. అలాగే సందిగ్ధ బిందువు అంతరం లోపల ఉండి, C'' ఆ అంతరమంతటా ధనాత్మకమని చూపితే, కనిష్ఠం కోసం కొసల విలువలు వేయనవసరం లేదు. 200 మీటర్ల కేబుల్ లెక్క అలాంటిదే. కాని ‘x = 90 దగ్గర ధనాత్మకం’ అని మాత్రమే రాస్తే, అది ఆ బిందువు చుట్టుపక్కల సంగతే చెబుతుంది. మొత్తం అంతరం గురించి చెప్పదు. ‘దగ్గర’ అన్న మాటకూ ‘అంతటా’ అన్న మాటకూ ఉన్న తేడాకే నేను ఇప్పుడు ఆ ఒక మార్కు ఇస్తున్నాను.

కొసలే లేని లెక్కలు వేరు. 1000 ఘన సెంటీమీటర్లు పట్టే మూత ఉన్న డబ్బాకు అతి తక్కువ రేకు ఎంత అన్నప్పుడు వ్యాసార్ధం సున్నా కన్నా పెద్దదైతే చాలు, పై హద్దు లేదు. అక్కడ S'' = 4π + 4000/r³ ప్రతి r కూ ధనాత్మకమని రాయడమే సరైన మార్గం. అలాంటి చోట ‘అంత్య బిందువులు చూడలేదు’ అని ఎర్ర సిరాతో రాస్తే తప్పు దిద్దినవారిదే. ద్వితీయ అవకలజం సున్నా వచ్చిన చోట ఆ పరీక్ష ఏమీ చెప్పదు కనుక మొదటి అవకలజం గుర్తు రెండు వైపులా చూడాలి.

తీగ లెక్కలో నా తప్పు కూడా ఒకటి ఉంది. దాన్ని చూపినది గుర్తు చెరిపిన ఆ అమ్మాయే. మళ్ళీ రాసిన జవాబులో ఆమె x = 0 దగ్గర 31.83 అని కనుక్కుని, కింద ఇలా అడిగింది: రెండు ముక్కలు చేయాలన్నారు కదా, x = 0 అంటే తీగను కత్తిరించనట్టే కదా? నిజమే. రెండు ముక్కలూ తప్పనిసరిగా ఉండాలంటే x సున్నా కాకూడదు, 20 కాకూడదు. అప్పుడు అంతరం రెండు కొసలా తెరిచి ఉంటుంది. వైశాల్యం 31.83కు ఎంత దగ్గరకైనా పోగలదు గాని దాన్ని అందుకోదు, గరిష్ఠం అనేదే ఉండదు. ప్రశ్న రాసిన నేను ఆ సంగతి తేల్చకుండానే పిల్లల అంత్య బిందువులకు మార్కులు తగ్గించాను. ఆ జవాబులన్నీ వెనక్కి తీసుకుని, గరిష్ఠం లేదని కారణంతో రాసినవారికి కూడా పూర్తి మార్కులు వేశాను.

ఈ ఏడు ఆ ప్రశ్నలో ఒక వాక్యం చేర్చాను: ఏ ముక్క పొడవూ 2 మీటర్లకు తగ్గకూడదు. ఇప్పుడు x తిరిగేది 2 నుంచి 18 వరకు, రెండు కొసలతో సహా. x = 18 దగ్గర వైశాల్యం సుమారు 20.57, x = 2 దగ్గర సుమారు 26.03, మధ్యలో 11.20 దగ్గర అదే 14.00. ఆ అమ్మాయి తమ్ముడు ఈ ఏడు నా తరగతిలో ఉన్నాడు. అతని జవాబులో మొదటి వరుస 2 ≤ x ≤ 18. A'' > 0 అన్న వరుస పక్కన ఒక చిన్న గిన్నె గీసి, దాని రెండు అంచుల మీద చుక్కలు పెట్టాడు.